అర్జీ కాదు, ఉత్తరం

ఆ యువకుడు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఒకే ఒక కాగితం ఉన్నది. విదేశీ సంస్థలకు ఉద్యోగం కోసం పంపే దరఖాస్తుతో జతపరిచే ఉత్తరమది. ఇంగ్లీషువారు దానిని కవరింగ్ లెటరనీ, కవర్ లెటరనీ అంటారు. అప్పటికి 38 సంస్థలకు ఆ ఉత్తరాన్నే పంపాడు. ఒక్క చోటినుంచి కూడా జవాబు రాలేదు. “బాబాయి గారూ, ఇందులో ఇంగ్లీషు తప్పులుంటే దిద్ది పెట్టండి” అన్నాడు.

చదివి చూశాను. వ్యాకరణ దోషాలు రెండో మూడో ఉన్నాయి. అసలు లోపం అవి కావు. ఆ ఉత్తరం కింద సంతకం మార్చి మరెవరైనా పంపుకొన్నా చెల్లుతుంది. “డైనమిక్”, “హార్డ్ వర్కింగ్”, “ప్యాషనేట్” అనే మాటలు వరుసగా నిలబడి ఉన్నాయి. “హండ్రెడ్ పర్సెంట్ బగ్ ఫ్రీ సాఫ్ట్‌వేర్” అందించానని కూడా వ్రాసి ఉన్నది. ఆ కుర్రవాడు ఏమి చేశాడో, ఏమి చూశాడో మాత్రం ఎక్కడా లేదు. ఎవరెవరివో నమూనా ఉత్తరాలు చూసి అతికించిన కాగితమది.

“దీన్ని దిద్దడం వల్ల ప్రయోజనం లేదు నాయనా. నువ్వు చేసిన పనేమిటో తెలుగులో వ్రాసి తీసుకురా. దానిని నేను ఇంగ్లీషు చేస్తాను” అన్నాను.

తెలుగులో ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. మేముండే బాగ్‌బేరా జంషెడ్‌పూరు నగరాన్ని ఆనుకొని, టాటానగర్ రైల్వే స్టేషనుకు దగ్గరగా ఉన్న బస్తీ. ఇక్కడి తెలుగువారి తాతలు కొందరు ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చారు, కొందరు రైల్వేలో పనికి వచ్చారు. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడి, 1912లో మొదటి ఉక్కును తీసింది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూరు అనీ, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు పెట్టారు. ఆ వచ్చినవారి మనుమలకు బజారులో హిందీ, బడిలో ఇంగ్లీషు. ఇంట్లో అమ్మతో మాట్లాడేది మాత్రం ఉత్తరాంధ్ర తెలుగు. మనిషి నమూనా చూసి వ్రాసే భాష వేరు, తనకు జరిగినదాన్ని తలచుకొనే భాష వేరు. నాకు కావలసింది ఆ రెండవ భాషలోని మాట. ఈ కుర్రవాడికి తండ్రి పట్టుబట్టి తెలుగు వ్రాయడం నేర్పించాడు గనుక అది సాధ్యమైంది.

మరుసటి ఆదివారం మూడు పేజీలు వ్రాసుకొని వచ్చాడు.

ఆ మూడు పేజీల సారం ఇది: “గౌరవనీయులైన మేనేజరు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, మాది సామాన్య కుటుంబం. మా నాన్నగారు రైల్వేలో పని చేసి రిటైరైనారు. నేను నాలుగు సంవత్సరాలుగా ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని చూసుకొంటున్నాను. మా టీము వారము ఎన్నో తప్పులు పట్టాము. రాత్రి పన్నెండు దాటిన తరువాత చేసిన బుకింగులు ముందురోజు తేదీతో పడుతున్నాయని గమనించి చెప్పడం జరిగింది. దానివల్ల కంపెనీకి మేలు కలిగింది. దయచేసి ఒక్క అవకాశం ఇప్పిస్తే జీవితాంతం ఋణపడి ఉంటాను.”

ఇది ఉత్తరం కాదు, అర్జీ. మన పెద్దలు తహసీలుదారుకో స్టేషను మాస్టరుకో వ్రాయించుకొన్న అర్జీల ఒరవడి ఇది. అర్జీలో వ్రాసేవాడు తన అవసరాన్ని చెప్పుకొంటాడు, చదివేవాడు దయ తలచి ఇస్తాడు. ఉద్యోగపు ఉత్తరానిది వేరే దారి. అక్కడ అవసరం చదివేవాడిది. అతని వద్ద ఒక పని ఆగిపోయి ఉన్నది, దానిని చేయగలవాడెవడని వెతుకుతున్నాడు. తండ్రి ఉద్యోగము, కుటుంబ స్థితి, ఋణపడి ఉండడము అతని వెతుకులాటకు ఏ మాత్రమూ సాయపడవు. అందుచేత మొదటి వాక్యమూ చివరి వాక్యమూ అనువదించకుండానే కొట్టివేశాను. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. “మర్యాదగా ఉండదేమో బాబాయి గారూ” అన్నాడు. ఇంగ్లీషు ఉత్తరంలో మర్యాద బ్రతిమాలడంలో ఉండదు, చదివేవాడి కాలాన్ని వృథా చేయకపోవడంలో ఉంటుందని చెప్పాను.

అయితే ఆ మూడు పేజీలలో ఒక వాక్యం నన్ను ఆపివేసింది. రాత్రి పన్నెండు దాటిన తరువాత ముందురోజు తేదీ పడుతున్నదన్న వాక్యమది. “ఇదేమిటో నాకు మొదటినుంచీ చెప్పు” అన్నాను.

రాత్రిపూట తప్పిపోయిన తేదీ

అతను పని చేసే కంపెనీ ఒక రోగనిర్ధారణ కేంద్రాల సంస్థ కోసం ఒక యాప్ తయారు చేసింది. రక్తపరీక్ష కావలసినవారు ఫోనులో బుక్ చేసుకొంటే, మరునాడు ఉదయం మనిషి ఇంటికి వచ్చి రక్తం తీసుకొని వెళ్తాడు. కొన్నాళ్ళకు ఒక ఫిర్యాదు మొదలైంది. డబ్బు కట్టినవారిలో కొందరి ఇళ్ళకు మనిషి రావడం లేదు. ఎక్కడ లోపమో ఎవరికీ అంతుపట్టలేదు. టెస్టర్లు బుక్ చేసి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నది.

ఈ కుర్రవాడు ఫిర్యాదులు స్వీకరించే విభాగంనుంచి 11 ఫిర్యాదులు తెప్పించుకొన్నాడు. ఊరు, వయస్సు, ఫోను రకం, ఇలా ఒక్కొక్క వరుసలో పేర్చి చూశాడు. ఏదీ కుదరలేదు. చివరకు బుక్ చేసిన వేళ ప్రకారం పేర్చాడు. పదకొండూ అర్ధరాత్రి 12 గంటలకూ తెల్లవారుజామున 5:30కీ మధ్య చేసినవే.

కారణం తెలిసినవారికి తేలికైనది. కంప్యూటరు కేంద్రాలలో కాలాన్ని సాధారణంగా ప్రపంచ ప్రామాణిక కాలంలో వ్రాసుకొంటారు. మన భారత కాలం దానికంటె 5 గంటల 30 నిమిషాలు ముందు నడుస్తుంది. జూన్ 10వ తేదీ రాత్రి 1:15కు మనం బుక్ చేస్తే, అక్కడ జూన్ 9, 19:45 అని పడుతుంది. దానిని తిరిగి మన కాలంలోకి మార్చి తేదీ తీసుకోవాలి. ఆ మార్పు ఒక చోట చేయలేదు. అందుచేత ఆ బుకింగు 9వ తేదీ జాబితాలోకి పోయింది. ఆ జాబితా అప్పటికే ముగిసిపోయింది గనుక ఎవరూ దానిని చూడలేదు. టెస్టర్లు పట్టుకోలేకపోవడానికి కారణం ఇంకా సులువు. వారు ఉదయం పదినుంచి సాయంత్రం ఏడువరకు పరీక్షించేవారు. ఆ వేళలో రెండు కాలాలలోనూ తేదీ ఒకటే.

“నీకెలా తట్టింది?” అని అడిగాను. “మా నాన్న నైటు డ్యూటీ దిగి వచ్చి అర్ధరాత్రి పూటే ఫోనులో పనులన్నీ చేసుకొనేవాడు. ఆ వేళలో కూడా జనం బుక్ చేస్తారని నాకు తెలుసు” అన్నాడు. కుటుంబపు మాట మొదటి వాక్యంలో అర్జీగా ఉన్నప్పుడు కొట్టివేశాను. ఇప్పుడది పనికివచ్చే కారణంగా తిరిగి వచ్చింది.

అంతటితో అతను ఆగలేదు. నాలుగు క్షణాలను ఎంచుకొని పరీక్షించాడు. రాత్రి 11:59, సరిగ్గా 12:00, ఉదయం 5:29, సరిగ్గా 5:30. మొదటిదీ చివరిదీ సరైన తేదీని చూపాయి. నడుమనున్న రెండూ తప్పు తేదీని చూపాయి. లోపం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సరిహద్దు గీసి చూపించాడన్నమాట. ఈ పద్ధతికి వారి శాస్త్రంలో “బౌండరీ వాల్యూ ఎనాలిసిస్” అని పేరున్నది. ప్రోగ్రామరు ఒక్క రోజులో సరిచేశాడు. ఆ నాలుగు పరీక్షలనూ ప్రతి విడుదలకు ముందు తప్పనిసరిగా నడిపే పరీక్షలలో ఇతను చేర్చాడు. ఆ తరువాత 14 నెలలలో అటువంటి ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

ఇంత కథను “గమనించి చెప్పడం జరిగింది” అన్న మూడు మాటలలో మూసిపెట్టి, “హార్డ్ వర్కింగ్” అని పైన అట్ట వేసుకొన్నాడు ఆ కుర్రవాడు.

మేము అంటే ఎవరు?

తెలుగునుంచి ఇంగ్లీషుకు పోయేటప్పుడు ఇక్కడే చిక్కు మొదలవుతుంది. “చెప్పడం జరిగింది” అనే వాక్యంలో కర్త లేడు. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎలా చెప్పారు అన్నది తెలియదు. మన కార్యాలయ భాషలో ఈ నిర్మాణం వినయంగా వినబడుతుంది. దానిని ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషు చేస్తే, “ఇట్ వజ్ అబ్జర్వ్‌డ్ అండ్ ఇన్‌ఫార్మ్‌డ్” అని తేలుతుంది. అది చదివిన విదేశీయుడు ఆ పని చేసినవాడు వేరొకడై ఉంటాడని అనుకొంటాడు.

“మేము” అనే మాట ఇంకొక చిక్కు. “నేను అంటే గొప్పలు చెప్పుకొన్నట్టు ఉండదా బాబాయి గారూ? టీములో ఐదుగురం ఉన్నాం” అన్నాడు. మన ఇళ్ళలో పెరిగిన ఎవరికైనా ఈ సంకోచం సహజమే. కాని సంస్థవారు ఉద్యోగంలోకి తీసుకొనేది ఐదుగురిని కాదు, ఒకరిని. ఐదుగురిలో ఈ ఒకడు ఏమి చేశాడో తెలియకపోతే వారు నిర్ణయం చేయలేరు.

అందుచేత ఒక కాగితంమీద పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఎదురుగా పేరు వ్రాయమన్నాను. ఫిర్యాదులు తెప్పించినది తనే. వేళ ప్రకారం పేర్చినది తనే. నాలుగు పరీక్షలు చేసినదీ, నివేదిక వ్రాసినదీ తనే. లోపాన్ని సరిచేసినది ప్రోగ్రామరు. సరి అయినదని నిర్ధారించినది మళ్ళీ తనే. ముందటి పరీక్షలు యథాప్రకారం నడుస్తున్నాయని చూసినది టీము అంతా. ఇంగ్లీషులో మొదటి నాలుగింటికీ “ఐ” వేశాను. ఐదవదానికి “అవర్ డెవలపర్” అన్నాను. చివరిదానికి “వీ” వేశాను. ఎదుటివారి వాటా వారికి ఇచ్చిన ఉత్తరంలో “నేను” అన్న మాట గొప్పగా ధ్వనించదు, సాక్ష్యంగా ధ్వనిస్తుంది. ఆ కాగితం చూసుకొన్నాక కుర్రవాడి సంకోచం కూడా తీరింది.

దీనివెంట మరొక చిన్న ఇబ్బంది వచ్చింది. తెలుగులో “పరీక్షించాను” అంటే “నేను” అందులోనే ఉన్నది, వేరుగా చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో ప్రతి క్రియకూ కర్తను ఎదురుగా నిలపాలి. అలాగే వ్రాసుకొంటూ పోతే తొమ్మిది వాక్యాలు వరుసగా “ఐ”తో మొదలైనాయి. చదువుతుంటే మేకులు కొట్టినట్టున్నది. మూడు వాక్యాలను కాలంతో మొదలుపెట్టాను, రెండింటిని వస్తువుతో మొదలుపెట్టాను. మిగిలిన నాలుగు “ఐ”లు ఎవరికీ అడ్డు తగలలేదు.

ఒక్క తప్పు, మూడు మాటలు

“ఎన్నో తప్పులు పట్టాము” అన్నది తరువాతి వాక్యం. తెలుగులో “తప్పు” అనే ఒక్క మాటకు టెస్టర్ల ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి. ఈ వృత్తివారికి అంతర్జాతీయంగా పరీక్షలు జరిపి యోగ్యతాపత్రాలిచ్చే ఐ.ఎస్.టి.క్యూ.బి. అనే మండలి 2002లో ఏర్పడింది. దాని పాఠ్యప్రణాళిక ఈ మూడింటినీ విడదీసి చెబుతుంది. మనిషి చేసే పొరపాటు “ఎర్రర్”. దానివల్ల ప్రోగ్రాములో మిగిలిపోయే లోపం “డిఫెక్ట్”. ఆ లోపం కారణంగా నడిచే వేళ కంటికి కనబడే వైఫల్యం “ఫెయిల్యూర్”.

మన కథలో కాలాన్ని మార్చాలని ప్రోగ్రామరుకు తోచకపోవడం ఎర్రర్. మార్చే వరుస ప్రోగ్రాములో లేకపోవడం డిఫెక్ట్. రక్తం తీసుకొనే మనిషి రాకపోవడం ఫెయిల్యూర్. కుర్రవాడు చూసినది మూడవది, వెనక్కు నడిచి చేరుకొన్నది రెండవదాని వద్దకు. నేను సాహిత్యం చదువుకొన్నవాడిని. మొదటి చిత్తుప్రతిలో అందంకోసం ఒకచోట “ఎర్రర్” అనీ, మరొకచోట “డిఫెక్ట్” అనీ మార్చి మార్చి వేశాను. ఒకే మాటను మళ్ళీ మళ్ళీ వాడరాదని మాకు నేర్పిన పాఠమది. కుర్రవాడు చదివి, “ఇలా ఉంటే నాకు తేడా తెలియదనుకొంటారు” అన్నాడు. నిజమే. సాంకేతిక విషయంలో పర్యాయపదం అలంకారం కాదు, అపార్థం. ఆ చోట్లన్నీ సవరించాను. అనువాదకుడు తనకు తెలియని వృత్తి ఉత్తరాన్ని ఒంటరిగా ముగించరాదని నాకు ఆనాడు అర్థమైంది.

“హండ్రెడ్ పర్సెంట్ బగ్ ఫ్రీ” అన్న పాత వాక్యం సంగతి కూడా అప్పుడే తేలింది. పరీక్షించడం వల్ల లోపాలు ఉన్నాయని చూపవచ్చును గాని, లేవని ఎన్నటికీ నిరూపించలేమన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. నెదర్లాండ్స్ దేశపు కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ మాటను 1970 ప్రాంతంలోనే చెప్పాడు. పై మండలి పాఠంలోని ఏడు సూత్రాలలో మొదటిది కూడా ఇదే. అటువంటప్పుడు ఒక టెస్టరు తాను లోపంలేని సాఫ్ట్‌వేరు ఇచ్చానని వ్రాస్తే, అనుభవజ్ఞుడైన పరీక్షకుడు ఆ ఉత్తరాన్ని అక్కడితో మూసివేస్తాడు. ఒప్పించడానికి పెట్టిన వాక్యమే వ్రాసినవాడి అజ్ఞానానికి సాక్ష్యమవుతుంది. దాని స్థానంలో “14 నెలలలో ఆ ఫిర్యాదు తిరిగి రాలేదు” అని ఉంచాము. అది చిన్న మాటే. కాని ఎవరూ కాదనలేరు.

క్రియ చివర ఉండే భాషనుంచి

తెలుగు వాక్యం నెమ్మదిగా నడిచి చివర గమ్యం చెబుతుంది. “ఫిర్యాదులు తెప్పించుకొని, వేళ ప్రకారం పేర్చి, పరీక్షించి చూసి, కారణం కనుగొన్నాను” అంటే మనకు హాయిగా ఉంటుంది. ఉద్యోగపు ఉత్తరాలు చదివే మనిషి ముందు ఒక కట్ట ఉంటుంది. గమ్యం మొదట చెప్పకపోతే దారిమధ్యలో దిగిపోతాడు. అందుచేత క్రమాన్ని తిరగవేశాను.

ఐర్లండులోని ఒక చెల్లింపుల సంస్థకు వ్రాసిన ప్రతిలో మొదటి వాక్యం ఇలా ఉన్నది: మీ ప్రకటనలో అనేక దేశాలలో జరిగే లావాదేవీలను పరీక్షించగల వ్యక్తి కావాలన్నారు, అర్ధరాత్రినుంచి 5:30 వరకు మాత్రమే కనబడే ఒక తేదీ లోపాన్ని నేను కనుగొన్నాను. రెండవ పేరాలో పైన చెప్పిన కథ ఆరు వాక్యాలలో ఉన్నది. 11 ఫిర్యాదులు, 4 పరీక్షలు, 14 నెలలు, ఈ మూడు అంకెలే అందులో కనబడతాయి. మూడవ పేరాలో మిగిలిన సామర్థ్యం. నాలుగవ పేరాలో ఎప్పుడు చేరగలడు, ఏ అనుమతి కావాలి అన్న సంగతి. మొత్తం 280 మాటలు, ఒక పేజీలో ముప్పాతిక భాగం.

మూడవ పేరా వద్ద మా ఇద్దరికీ కొంత వాదన జరిగింది. పరీక్షలను యంత్రం చేతనే నడిపించే సెలీనియం అనే సాధనం ఉన్నది. 2004లో పుట్టిన ఈ సాధనం పేరు చాలా ప్రకటనలలో కనబడుతుంది. కుర్రవాడు తనను అందులో “ఎక్స్‌పర్ట్” అని వ్రాయమన్నాడు. మూడు నెలలు నేర్చుకొని, 20 పరీక్షలను దానితో వ్రాశాడు. పై ఉద్యోగి ఒకరు వాటిని సరిచూశారు. “అంతా అలాగే వ్రాస్తారు బాబాయి గారూ” అన్నాడు. అందుకే ఆ మాటకు విలువ పోయిందని చెప్పాను. “20 రిగ్రెషన్ పరీక్షలను సెలీనియంతో జావా భాషలో వ్రాశాను, అవి సీనియరు సమీక్షించిన తరువాత వాడుకలోకి వచ్చాయి” అని పెట్టాము. చదివేవాడు తనకు కావలసిన స్థాయి ఇదో కాదో తానే నిర్ణయించుకొంటాడు. ఎక్స్‌పర్ట్ అని వ్రాసినవాడిని ఎక్స్‌పర్టును అడిగే ప్రశ్నలే అడుగుతారు. అప్పుడు కాపాడడానికి అనువాదకుడు పక్కన ఉండడు.

నాలుగవ పేరాలో కూడా దాపరికం పెట్టలేదు. వర్క్ పర్మిట్ కావాలనీ, ప్రస్తుత ఉద్యోగంలో 60 రోజుల నోటీసు ఇవ్వాలనీ ఒక్కొక్క వాక్యంలో చెప్పాము. ఇవి దాచితే మొదటి సంభాషణలోనే బయటపడతాయి, అప్పటివరకు ఇద్దరి కాలమూ వృథా అవుతుంది. పర్మిటు ఇవ్వలేని సంస్థలో ఎంత మంచి ఉత్తరమైనా పని చేయదు. అది ఉత్తరానికి ఉన్న హద్దు.

మన దేశంలో మాత్రమే చెల్లే నాణేలు

పాత ఇంగ్లీషు ప్రతిలో ఇంకొన్ని మాటలున్నాయి. మనం రోజూ వాడేవే గనుక వాటిలో తేడా మనకు కనబడదు. “పాస్డ్ ఔట్ ఇన్ 2019” అన్నాడు. బయటి దేశాలలో దానికి స్పృహ తప్పి పడిపోయాడని అర్థం, “గ్రాడ్యుయేటెడ్” అనాలి. సందేహం అనే అర్థంలో “డౌట్” అన్నాడు. మనకు అది ప్రశ్న, వారికి అపనమ్మకం. “మీ సూచనలో నాకు డౌట్ ఉంది” అంటే సూచన చేసినవాడు నొచ్చుకొంటాడు. “డూ ది నీడ్‌ఫుల్” అన్నది పాత కచేరీలనుంచి మనకు మిగిలిన వాక్యం. లక్ష, కోటి అనేవి అక్కడ లెక్కలో లేవు. “రెండు లక్షల బుకింగులు” అంటే “200,000” అని అంకెలలో వ్రాయాలి. తేదీని 03/04 అని వ్రాస్తే బ్రిటనులో ఏప్రిల్ మూడు, అమెరికాలో మార్చి నాలుగు. తేదీ లోపం పట్టినవాడి ఉత్తరంలోనే తేదీ అయోమయం ఉండరాదు గదా! నెల పేరును అక్షరాలలో వ్రాశాము.

పేరు కూడా ఒక చిక్కే. మనవారు ఇంటిపేరును ఒక అక్షరంగా ముందు పెట్టుకొంటారు. ఈ కుర్రవాడి యోగ్యతాపత్రంలో ఇంటిపేరు ఒక అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పాత ఉత్తరంలో పేరు ముందు, ఇంటిపేరు వెనుక. ముగ్గురు మనుష్యులలాగా కనబడుతున్నాడు. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉత్తరంలోనూ దరఖాస్తులోనూ వ్రాయించాను. వయస్సు, తండ్రి పేరు, వివాహ వివరాలు తీసివేశాము. ఐర్లండు, బ్రిటను వంటి దేశాలలో ఉద్యోగపు ఉత్తరంలో వాటిని వ్రాసే వాడుక లేదు.

“రెస్పెక్టెడ్ సర్” కూడా పోయింది. చదివేవారి పేరు తెలిస్తే “డియర్” అని పేరుతో సంబోధించి, చివర “యువర్స్ సిన్సియర్లీ” అనాలి. తెలియకపోతే “డియర్ హైరింగ్ మేనేజర్” అనడం నేటి వాడుక. “యువర్స్ ఒబీడియెంట్లీ” అని వ్రాసే కాలం గడిచిపోయింది.

తిరిగి తెలుగులోకి

ఉత్తరం పూర్తయిన తరువాత ఒక పరీక్ష పెట్టాను. ఇంగ్లీషు ప్రతిని నేను ఒక్కొక్క వాక్యమే చదివి, దానిని తెలుగులో అతనికి చెప్పాను. ప్రతి వాక్యానికీ “ఇది నిజమేనా? దీనిమీద పది నిమిషాలు మాట్లాడగలవా?” అని అడిగాను. అన్నింటికీ వెంటనే తల ఊపాడు. ఒక్క చోట మాత్రం ఆగాడు. “బుకింగు పద్ధతి అంతటికీ పరీక్షా ప్రణాళిక నేనే రూపొందించాను” అని ఇంగ్లీషులో పడింది. అతని తెలుగులో ఉన్నది “ప్లానులో నేను కూడా ఉన్నాను” అని. “ఉన్నాను” అన్న మాటను బలంగా చేయబోయి నేనే దాటిపోయాను. అతనికి ఇంగ్లీషు చదువుతున్నప్పుడు ఈ తేడా పట్టుబడలేదు. తెలుగులో విన్నప్పుడు వెంటనే పట్టుబడింది. “ప్రణాళికలో రాత్రివేళ పరీక్షల భాగాన్ని నేను వ్రాశాను” అని దిద్దాము. అది మునుపటికంటె చిన్న వాక్యం, కాని అతనిది.

అనువాదకుని చేతిలో ఉత్తరం ఎక్కువగా చెడేది ఇక్కడేనని నా అనుభవం. బలహీనమైన ఇంగ్లీషును అందరూ పట్టుకొంటారు. మనిషికంటె బలమైన ఇంగ్లీషును ఎవరూ పట్టుకోరు, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించేవరకు.

ఆ ఉత్తరాన్ని ఈసారి ఆరు సంస్థలకే పంపాడు. ప్రతి చోటికీ మొదటి పేరాను వారి ప్రకటనకు తగినట్టు మార్చి వ్రాశాము. ఒక్కొక్కదానికి గంటసేపు పట్టింది. రెండు చోట్లనుంచి జవాబు వచ్చింది. ఒకటి, పర్మిటు ఇప్పించలేమని మర్యాదగా తెలిపిన జవాబు. రెండవది ఐర్లండునుంచి, మాట్లాడడానికి సమయం కోరుతూ.

ఆ సంభాషణ అరగంట నడిచిందట. అందులో ఇరవై నిమిషాలు ఆ తేదీ లోపం గురించే. చివరలో వారు ఒక ప్రశ్న వేశారు. ఐర్లండులో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కు తిప్పుతారు. రాత్రి 1 గంటనుంచి 2 వరకు ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. ఆ రాత్రి 1:30కి ఒకరు డబ్బు చెల్లిస్తే, అది మొదటి 1:30యా, రెండవ 1:30యా అన్నది ఎలా పరీక్షిస్తావు అని అడిగారు. మన దేశంలో గడియారాలు తిప్పే ఆచారం లేదు గనుక అతను అటువంటి రాత్రిని చూసినవాడు కాడు. అయినా తడుముకోలేదు. గడియారం తిరిగే క్షణానికి ఇరువైపులా ఒక్కొక్క నిమిషం దూరంలో ఒక చెల్లింపు, రెండు 1:30లలో ఒక్కొక్క చెల్లింపు చేసి, ప్రామాణిక కాలంలో అవి నాలుగూ వరుసక్రమంలో ఉన్నాయో లేదో చూస్తానన్నాడు. ఉత్తరంలోని నాలుగు పరీక్షల పద్ధతే అది.

రెండవ సంభాషణకు పిలుపు వచ్చింది. ఈ వ్యాసం వ్రాసేనాటికి ఫలితం తెలియలేదు. ఆ వార్త చెప్పడానికి తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. పెద్దాయన ఇంగ్లీషు ఉత్తరాన్ని చేతిలోకి తీసుకొని, అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించమన్నారు. వినిపించాను. రాత్రి డ్యూటీలవారు బుక్ చేసుకొనే వేళ అన్న మాట వచ్చినప్పుడు కొడుకు వైపు చూశారు. “ఇది మన ఇంటి సంగతే గదా” అన్నారు.